గేటు ముందు ట్రాక్టర్లు, క్లాసులో యాప్‌లు

ఇన్నోవేషన్ ప్రాజెక్ట్ కోర్సుకు గైడ్‌గా ఉన్నవాళ్లకు మొదటి రివ్యూలో పెద్దగా ఆశ్చర్యాలు ఉండవు. తిరుపతి చుట్టుపక్కల కాలేజీల్లో అయితే ఒక జట్టు తిరుమల యాత్రికుల కోసం యాప్ తెస్తుంది. ఇంకో జట్టు హాస్టల్ మెస్‌లో మిగిలిపోయే అన్నం గురించి చెబుతుంది. మూడోది రైతుల కోసం. అందరి పీపీటీలోనూ రెండో స్లైడు మీద స్టాన్‌ఫర్డ్ డి.స్కూల్ వాళ్ల ఐదు మెట్లు ఉంటాయి: ఎంపతైజ్, డిఫైన్, ఐడియేట్, ప్రోటోటైప్, టెస్ట్. నాలుగో స్లైడు మీద లీన్ స్టార్టప్ వాళ్ల గుండ్రటి బొమ్మ: బిల్డ్, మెజర్, లెర్న్. ఈ రెండింటి మధ్య మూడో స్లైడు మీద ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ ఉంటుంది. నా గొడవంతా ఆ మూడో స్లైడుతోనే.

ఆ స్లైడు మీద రాసింది అప్పటికి ఎవరూ తేల్చిన విషయం కాదు. నలుగురితో మాట్లాడి, చార్టు మీద రంగురంగుల చీటీలు అంటించి, రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని అనుకున్నది. కానీ ఒకసారి ప్యానెల్ ముందు చదివి గైడ్ సంతకం తీసుకున్నాక అది నిజమైపోతుంది. ఇక మిగిలిన సెమిస్టరంతా దాని మీద కట్టుకుంటూ పోతారు. చివర్లో టెస్ట్ అంటే యాప్ తెరుచుకుంటోందా లేదా చూడటం. మెజర్ అంటే క్లాసు వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫామ్ పంపడం. ఫామ్ నింపేది స్నేహితులే కాబట్టి నూటికి తొంభై మంది ‘చాలా ఉపయోగం’ అని టిక్కు పెడతారు. బొమ్మలో గుండ్రంగా ఉన్న లూపు సెమిస్టర్‌లో తిన్నగా సాగిపోయే గీత అయిపోతుంది. ఎవరూ వెనక్కి తిరగరు.

నేను చెప్పేది ఒకటే. ఈ కోర్సులో అసలు పని యాప్ చేయడం కాదు. ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్‌ని ముక్కలు చేసి, అందులో ఏ ఊహ తప్పయితే మిగతాదంతా కూలిపోతుందో పట్టుకుని, దాన్ని అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో పరీక్షించడం. మార్కులు పడాల్సింది దానికి. ఇది గాల్లో చెబితే పెద్దగా అర్థం కాదు కాబట్టి, నేను దగ్గర్నుంచి చూసిన ఒక జట్టు పని చెబుతాను.

అది 2025 తోతాపురి సీజన్. చిత్తూరు జిల్లాలో ఆ ఏడాది ఏమైందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కాయ విపరీతంగా వచ్చింది, గుజ్జు ఫ్యాక్టరీలు కొనడానికి వెనకాడాయి, ధర పడిపోయింది. కిలోకు 12 రూపాయలు అందేలా ప్రభుత్వం ఒక లెక్క చెప్పింది: ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం కలిపేది 4. ఆ ధరకైనా అమ్ముకుందామని ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. మూడో సంవత్సరం పిల్లలు నలుగురు దీన్నే ప్రాజెక్టుగా తీసుకున్నారు. వాళ్లలో ఒకడిది బంగారుపాళ్యం వైపు ఊరు, ఇంట్లో మామిడి తోట ఉంది. కాబట్టి సమస్య ఉందా లేదా అనే అనుమానం ఎవరికీ లేదు. లోడు నాలుగు టన్నులనుకుని, ఎండలో నిలబడి వందకు రెండు కిలోల బరువు తగ్గినా 80 కిలోలు పోతాయి. 12 రూపాయల లెక్కన దాదాపు వెయ్యి రూపాయలు. దానిపైన ట్రాక్టరు బాడుగ, డ్రైవరు బత్తా, కింద నలిగిన కాయ.

వాళ్ల మొదటి ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ ఇలా ఉంది: ‘ఫ్యాక్టరీల దగ్గర క్యూ ఎంతుందో తెలిపే మొబైల్ యాప్ లేకపోవడం వల్ల రైతులు నష్టపోతున్నారు.’ ఇలాంటి వాక్యం మీ దగ్గరికీ వస్తే మొదట చూడాల్సింది, పరిష్కారం సమస్య వేషం వేసుకుని వచ్చిందా అని. ‘యాప్ లేకపోవడం’ ఎవరికీ సమస్య కాదు. లోడు రెండు రోజులు రోడ్డు మీద నిలబడటం సమస్య. ఈ రెండింటికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో ఆ వాక్యం కప్పేస్తుంది.

మెట్లు విప్పితే కనీసం నాలుగు ఊహలు బయటపడ్డాయి. క్యూ ఎంతుందో ముందే చెప్పగలం అన్నది ఒకటి. ముక్కూమొహం తెలియని కాలేజీ పిల్లలు చెబితే రైతు నమ్ముతాడు అన్నది రెండోది. క్యూ పెద్దగా ఉందని తెలిస్తే రైతు కోత వాయిదా వేసుకోగలడు అన్నది మూడోది. గేటు దగ్గర లెక్కపెడుతుంటే ఫ్యాక్టరీవాళ్లు ఊరుకుంటారు అన్నది నాలుగోది. వీటిలో ప్రాణం ఉన్నది మూడోదానిలో. రైతు కోత తేదీ జరపలేకపోతే మనం చెప్పే సమాచారం ఎంత కచ్చితమైనదైనా, ఎంత అందమైన స్క్రీన్ మీద కనిపించినా అతనికి ఒరిగేది లేదు. టెన్షన్ మాత్రం ఒకరోజు ముందు మొదలవుతుంది. యాప్ కడితే ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ తేలదు. యాప్ కట్టగలమా అనేది మాత్రం తేలుతుంది, దాని గురించి అనుమానం ముందునుంచీ లేదు.

ఎరిక్ రీస్ 2011లో ఈ బిల్డ్-మెజర్-లెర్న్ మాటను ప్రచారంలోకి తెచ్చినప్పుడే ఒక సంగతి చెప్పాడు. పని చేసేటప్పుడు వరుస అది గానీ, ప్లాన్ వేసేటప్పుడు వెనక నుంచి రావాలి. ఏం తెలుసుకోవాలి, అది తెలియాలంటే ఏం కొలవాలి, అది కొలవడానికి ఎంత కడితే సరిపోతుంది. బొమ్మ అందరూ కాపీ కొట్టుకున్నారు, ఈ మాట మాత్రం వదిలేశారు. ఆయన కంపెనీ ఐఎంవీయూలో మొదట్లో ఆరు నెలలు కూర్చుని ఒక చాట్ సాఫ్ట్‌వేర్ రాశారు. విడుదల చేస్తే దించుకునేవాడే లేడు. లోపల ఏమీ లేకుండా ఒట్టి డౌన్‌లోడ్ పేజీ పెట్టినా అదే సంగతి తెలిసేది కదా అని ఆయనే తర్వాత రాసుకున్నాడు.

మా పిల్లలు వెనక నుంచి వచ్చారు. ముందు గేటు దగ్గర మాటలు. మొదటి రోజు వాళ్లు అడిగిన ప్రశ్న ‘అన్నా, క్యూ చూపించే యాప్ ఉంటే వాడతారా?’ జవాబు అందరిదీ ఒకటే: ‘వాడతాం లేప్పా, మంచిదే కదా.’ మన వైపు మనిషిని ఎదురుగా నిలబెట్టి అడిగితే వద్దని ఎవరూ అనరు. ఎండలో నిలబడి తన గురించి అడుగుతున్న పిల్లాడిని నిరాశపరచడం మర్యాద కాదు. కాబట్టి ఆ ‘వాడతాం’లో సమాచారం సున్నా. మర్నాడు ప్రశ్న మార్చుకుని వెళ్లారు. ఉంటే ఏం చేస్తారని అడగడం మానేసి, అయిపోయిన సంగతి అడిగారు. పోయిన లోడు ఏ రోజు కోశారు? కోయాలని ఎప్పుడు అనుకున్నారు? ఆ రోజే ఎందుకు? కూలీలను ఎవరు పిలిచారు? ఇక్కడికి ఎన్ని గంటలకు వచ్చారు, లోపలికి ఎన్ని గంటలకు పోయారు? దానికి వచ్చిన జవాబులు వేరే. ఒక్కొక్కరు పావుగంట చెప్పారు. బయల్దేరేటప్పుడు క్యూ సంగతి తెలిసినా లాభం లేదనీ, కాయ అప్పటికే చెట్టు దిగి ఉంటుందనీ, తేల్చుకోవాల్సింది కోతకు ముందురోజు సాయంత్రమే అనీ అందులోంచే తెలిసింది. డిజైన్ థింకింగ్‌లో నాకు నిజంగా విలువైనదిగా కనిపించేది ఈ భాగం. చీటీలు, పెర్సోనా బొమ్మలు గోడకు బాగుంటాయి అంతే.

తర్వాత కట్టారు. కట్టింది ఏమిటంటే ఒక నోటుపుస్తకం, ఒక ఫోను. జట్టులో ఒకరు సాయంత్రం ఆరింటికి గేటు దగ్గరకు వెళ్లి నిలబడిన ట్రాక్టర్లు లెక్కపెట్టాలి. వాచ్‌మన్ రిజిస్టరులో నిన్న సాయంత్రం ఆరు నుంచి ఈ సాయంత్రం ఆరు దాకా లోపలికి వెళ్లిన బండ్ల నంబర్లు లెక్కపెట్టాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఇప్పుడు వచ్చి చేరే బండి ఎన్ని రోజులు ఆగాలో వస్తుంది. 150 బండ్లు నిలబడి ఉండి, రోజుకు 60 లోపలికి పోతుంటే రెండున్నర రోజులు. క్యూల శాస్త్రంలో దీన్ని లిటిల్ సూత్రం అంటారు, జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. మా పిల్లలకు అది ఆపరేషన్స్ రీసెర్చ్ పేపర్‌లో రెండు మార్కుల ప్రశ్నగా తెలుసు. గేటు దగ్గర దాన్ని వాడొచ్చని తట్టడానికి కాస్త సమయం పట్టింది.

సూత్రం సులువే గానీ అది నిలకడగా నడిచే క్యూకే సరిగ్గా సరిపోతుంది. ఫ్యాక్టరీలో మెషీన్ ఆగితే ఆ రోజు 60 కాస్తా 20 అవుతుంది, అంచనా మూడు రెట్లు తప్పుతుంది. అందుకని రోజూ క్యూ చివర చేరిన ఇద్దరు డ్రైవర్ల నంబర్లు తీసుకుని, వాళ్లు నిజంగా ఎప్పుడు లోపలికి పోయారో ఫోన్ చేసి కనుక్కునేవాళ్లు. తమ అంచనా తప్పుతోందా అనేది తెలుసుకోవడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు. మామూలు రోజుల్లో పూట అటూ ఇటూగా సరిపోయింది. మెషీన్ ఆగిన రోజు ఘోరంగా తప్పింది.

ఆ లెక్కను ఏడింటికల్లా ఇరవై మంది రైతులకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపేవాళ్లు. టైప్ చేస్తే చదవరు, వాయిస్ అయితే వింటారు. ఆ ఇరవై మందీ ఆ వారంలో కోత పెట్టుకున్నవాళ్లే. ‘మేం కాలేజీ పిల్లలం, ఇది అంచనా మాత్రమే, ఫ్యాక్టరీవాళ్లు చెప్పింది కాదు’ అని ప్రతి మెసేజ్‌లోనూ చెప్పించాను. మన మాట నమ్మి ఒకడు కోత ఆపుకుని, మర్నాడు ధర ఇంకా పడితే నష్టం అతనిది. కోర్సు ప్రయోగానికి ఎదుటివాడి జేబు ఖర్చు పెట్టే హక్కు మనకు లేదు.

ఇప్పుడు కొలత. మెసేజ్ విన్నారా, బాగుందన్నారా, ఇతరులకు పంపారా అనేవి కొలత కావు. అవన్నీ ఖర్చు లేని పనులు. కోత తేదీ జరపడం మాత్రం ఖర్చున్న పని: కూలీలకు చెప్పుకోవాలి, ట్రాక్టరువాడికి చెప్పుకోవాలి, ఇంట్లో ఒప్పించాలి. అంత చేశాడంటే సమాచారం అతనికి నిజంగా పనికొచ్చినట్టు. కాబట్టి ఒక్కటే లెక్క: ఒక రోజుకు మించి ఆగాలి అని మెసేజ్ అందినవాళ్లలో ఎంతమంది తేదీ మార్చుకున్నారు, లేదా వేరే ఫ్యాక్టరీకో, వ్యాపారులు కాయ కొనే ర్యాంపుకో మళ్లించారు. మొదటి మెసేజ్ పంపకముందే నోటుపుస్తకంలో రాసి, తేదీ వేసి, నాచేత సంతకం పెట్టించుకున్నారు: మూడో వంతు మంది మారితే ముందుకెళ్తాం, లేకపోతే ఈ దారి వదిలేస్తాం. మూడో వంతే ఎందుకు అంటే దానికి శాస్త్రం లేదు. పావు అయినా సగం అయినా పర్వాలేదు. ముందు రాసి పెట్టడమే ముఖ్యం. ఫలితం చూశాక గీత గీస్తే, గీత ఎప్పుడూ ఫలితానికి కాస్త కిందే పడుతుంది. ఏ జట్టు రిపోర్టు అయినా నిజమా కాదా తెలుసుకోవాలంటే నేను ఈ తేదీ ఒక్కటే చూస్తాను.

పదహారు మందికి పెద్ద క్యూ మెసేజ్ అందింది. మారింది ఇద్దరు.

పిల్లల మొహాలు వాడిపోయాయి. అప్పుడు వాళ్లలో లెక్కలు బాగా వచ్చిన అమ్మాయి ఒక మంచి అడ్డుప్రశ్న వేసింది. ‘సార్, పదహారు మందిలో ఇద్దరంటే శాంపిల్ చాలా చిన్నది కదా. తొంభై ఐదు శాతం కాన్ఫిడెన్స్‌తో చూస్తే అసలు నిష్పత్తి వందకు 2 నుంచి 38 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మూడో వంతు కూడా అందులోనే ఉంది. మనం తొందరపడి వదిలేస్తున్నామేమో?’ లెక్క సరైనదే. ఇంత చిన్న ప్రయోగంలో అంకె ఒక్కటే తీర్పు చెప్పలేదు. అందుకే మారని పద్నాలుగు మందికీ ఫోన్ చేసి కారణం కనుక్కోమన్నాను. అక్కడ సంగతి తేలిపోయింది. కోత ముఠాను రెండు మూడు రోజుల ముందే మాట్లాడుకుని ఉన్నారు. ఈ రోజు వద్దంటే ముఠా ఇంకో తోటకు పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. కాయ మాగి రాలుతోంది. రేపటికి ఫ్యాక్టరీ కొనడం ఆపేస్తే? పద్నాలుగు మందిలో దాదాపు అందరిదీ ఏదో ఒక రూపంలో ఇదే మాట. మారిన ఇద్దరికీ సొంత ట్రాక్టర్లు ఉన్నాయి, కోత ఇంటివాళ్లే కోస్తారు. అంటే మారగలిగినవాళ్లు మారారు. మిగతావాళ్లకు మనసు లేక కాదు, వీలు లేక మారలేదు. మెసేజ్‌ని ఎంత మెరుగుపరిచినా, దాన్ని యాప్‌గా చేసినా ఆ వీలు పుట్టదు. శాంపిల్ రెండు వందలకు పెంచినా ఇదే కారణం రెండు వందల సార్లు వినేవాళ్లం.

లూపు తిరగడం అంటే ఇది. రైతు తేదీ మార్చుకోగలడు అన్న మూడో ఊహ పోయింది. దాని స్థానంలో ఒక కొత్త ప్రశ్న వచ్చింది: కోత తేదీ రైతు చేతిలో లేకపోతే ఎవరి చేతిలో ఉంది? ఫోన్ సంభాషణల్లో ఒక మనిషి పదే పదే వస్తున్నాడు: ముఠా మేస్త్రీ. అతని కింద కూలీలు, చేతిలో ఐదారు తోటల మాటలు, రేపు ఏ తోటలో దిగాలో చెప్పేది అతనే. మొదటి చార్టు మీద అతనికి ఒక్క చీటీ కూడా లేదు. రైతు సమస్య అనుకున్నాం కాబట్టి రైతుతోనే మాట్లాడాం. లీన్ భాషలో ఇది కస్టమర్ సెగ్మెంట్ పివట్. మామూలుగా చెప్పాలంటే, తలుపు తట్టాల్సిన ఇల్లు పక్కది.

రెండో చుట్టులో అదే లెక్క, అదే వాయిస్ మెసేజ్, నలుగురు మేస్త్రీలకు. ఈసారి కొలత ఇంకొంచెం తెలివిగా పెట్టారు. కొన్నాళ్లు పంపి అలవాటు చేశాక రెండు సాయంత్రాలు కావాలని మెసేజ్ ఆపేశారు. అడుగుతారా లేదా చూడటానికి. కావాల్సిన వస్తువైతే కనపడకపోతే వెతుక్కుంటారు, మర్యాదకు తీసుకున్నదైతే గమనించరు. ముగ్గురు ఫోన్ చేశారు. ఒకాయన అయితే ఏడు కాకముందే: ‘ఏమబ్బా, ఈపొద్దు ఎన్ని బండ్లు నిలబడుండాయి? మెసేజీ రాలేదే.’ ఆ పిలుపు గూగుల్ ఫామ్‌లో ఎన్ని టిక్కులకు సమానమో నేను చెప్పలేను. కానీ ఇక్కడా ఆగి చూడాలి. అడగడం వేరు, దాన్నిబట్టి తోట మార్చడం వేరు. నలుగురిలో ఒక్కరే దాన్నిబట్టి తోటల వరుస మార్చారు. ఒక ఫ్యాక్టరీకి పోయే తోటను వెనక్కి, ర్యాంపుకు పోయే తోటను ముందుకు. మిగతా ఇద్దరు ఫోన్ ఎందుకు చేశారంటే, రైతులు ‘ఎప్పుడొస్తావు’ అని సతాయిస్తుంటే క్యూ పెద్దగా ఉందని చెప్పుకోవడానికి. అంటే సమాచారం సాకుగా పనికొచ్చింది. అదీ ఒక ఉపయోగమే, మనం అనుకున్నది కాదు అంతే.

మూడో చుట్టుకు సీజన్ అయిపోయింది. తేలని ప్రశ్నలు మిగిలాయి. పెద్దది ఇది: నలుగురికి చెబితే క్యూ మీద ప్రభావం ఉండదు, నాలుగు వందల మందికి చెబితే? అందరూ రేపటికి వాయిదా వేసుకుంటే రేపటి క్యూ రెట్టింపవుతుంది. ఇవాళ చెప్పిన అంచనా దాని వల్లే అబద్ధమవుతుంది. అప్పుడు అంచనా చెబితే సరిపోదు, ఎవరు ఏ రోజు రావాలో పంచాలి, అంటే టోకెన్. టోకెన్ ఫ్యాక్టరీ చేతిలో ఉంటుంది, విద్యార్థుల చేతిలో కాదు. జట్టు రిపోర్టులో ఈ మాట ఉన్నదున్నట్టు రాశారు: ఇక్కడి దాకా తెలిసింది, ఇక్కడి నుంచి తెలియదు.

ఫైనల్ రివ్యూలో వాళ్లకు వచ్చిన మార్కులు సగటు కన్నా తక్కువ. రూబ్రిక్‌లో ప్రోటోటైప్‌కు పెద్ద వాటా ఉంది, వీళ్ల దగ్గర ఉన్నది నోటుపుస్తకం. ప్యానెల్‌లో ఒకాయన ‘ఫైనల్‌గా మీరు ఏం డెవలప్ చేశారు?’ అని అడిగారు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అదే రోజు రైతుల యాప్ ఒకటి బ్రహ్మాండమైన స్క్రీన్లతో వచ్చి మంచి మార్కులు తీసుకుపోయింది. దాన్ని ఒక్క రైతు ఫోన్‌లోనైనా పెట్టి చూశారా అని ఎవరూ అడగలేదు. రూబ్రిక్‌లో ఆ ప్రశ్న లేదు మరి. పిల్లలు తెలివైనవాళ్లు. మార్కులు ఎక్కడుంటే అక్కడికి వెళ్తారు. వచ్చే బ్యాచ్‌కి సీనియర్లు ఏం చెబుతారో ఊహించడం కష్టం కాదు.

దీనికి నా తోటి అధ్యాపకులు చెప్పే అభ్యంతరం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ‘ఇది ఇంజనీరింగ్ కాలేజీ. పిల్లలు ఏదో ఒకటి చేయాలి. మార్కెట్ సర్వే చేయడానికి బీటెక్ ఎందుకు?’ ఇందులో సగం నేనూ ఒప్పుకుంటాను. కొన్ని ప్రాజెక్టుల్లో పెద్ద అనుమానం యంత్రం గురించే ఉంటుంది. అదే సీజన్‌లో ఇంకో జట్టు కాయను కోయకుండా, కాంతి పంపి లోపలి తీపి కొలిచే పరికరం చేయాలనుకుంది. ఆ పరికరం పని చేస్తే కావాలనేవాళ్లు ఉంటారా అనే ప్రశ్న చిన్నది, తోతాపురి తొక్క మందానికి అసలు రీడింగ్ వస్తుందా అనేది పెద్దది. అక్కడ మొదటి రోజు నుంచీ కట్టాల్సిందే. పది కాయలు తెచ్చి, పరికరంతో చూసి, తర్వాత కోసి రసం పిండి, రిఫ్రాక్టోమీటర్‌లో బ్రిక్స్, అంటే రసం తీపి లెక్క, చూసి, రెండూ కలుస్తున్నాయా చూడటం వాళ్ల మొదటి లూపు. అదీ కట్టడమే, అదీ ఒక ఊహను పరీక్షించడమే. కాబట్టి కట్టొద్దు అనేది నా వాదన కాదు. పెద్ద అనుమానం ఎక్కడుంటే అక్కడ కట్టాలి. క్యూ జట్టు అనుమానం మనుషుల్లో ఉంది, కాబట్టి వాళ్ల పరికరం ఫోను. ఒకే రూబ్రిక్‌తో రెండింటినీ తూచితే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

ఇంకో ఇబ్బంది కాలానిది. కోర్సు ప్లాన్‌లో మొదటి కొన్ని వారాలు ఎంపతీకి, తర్వాత డిఫైన్‌కి, ప్రోటోటైప్ సగం సెమిస్టర్ దాటాక. తోతాపురి కోత జూన్, జూలైల్లో ఉధృతంగా సాగి ఆగస్టుకల్లా సద్దుమణుగుతుంది. ప్లాన్ ప్రకారం పోతే ప్రోటోటైప్ తయారయ్యేసరికి గేటు ముందు ఒక్క బండీ ఉండదు. కొలవడానికి మనుషులే ఉండరు. లూపు ఎంత త్వరగా తిరుగుతుందనేది మనం ఎంత త్వరగా కోడ్ రాస్తామనే దాన్నిబట్టి ఉండదు. కొలవాల్సిన సంఘటన ఎంత తరచుగా జరుగుతుందనే దాన్నిబట్టి ఉంటుంది. మెస్ అన్నం జట్టుకు రోజుకు మూడు పూటలా అవకాశం ఉంది. క్యూ జట్టుకు ఏడాదికి ఒక్కసారి. ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడే ఈ లెక్క అడగాలి: సెమిస్టర్‌లో ఇది ఎన్ని చుట్లు తిరుగుతుంది? ఒక్క చుట్టు కూడా తిరగదంటే, ఎంత మంచి సమస్య అయినా ఆ సెమిస్టర్‌కి పనికిరాదు.

నేను డిపార్ట్‌మెంట్‌కి రాసిచ్చిన మార్పులు రెండే. ప్రోటోటైప్ వాటాలో సగం తీసి, ప్రతి చుట్టుకూ ఒక పేజీకి ఇవ్వాలి. ఆ పేజీలో పరీక్షించిన ఊహ, ముందే గీసిన గీత తేదీతో సహా, వచ్చిన ఫలితం, దానివల్ల మార్చుకున్న నిర్ణయం ఉండాలి. ఏ నిర్ణయమూ మారకపోతే ఆ చుట్టు ఎందుకు చేశారో చెప్పాలి. రెండోది, సీజన్ మీద ఆధారపడిన ప్రాజెక్టులకు జట్లను ఏప్రిల్‌లోనే ఖరారు చేసి, కాలేజీ తెరిచే లోపే ఫీల్డులోకి పంపాలి. మొదటిదాని గురించి చర్చ బాగానే జరిగింది, ఒక సెమిస్టర్ చూద్దామన్నారు. రెండోది ఆగిపోయింది. వేసవి సెలవుల్లో ఫీల్డుకు వెళ్లిన పిల్లలకు అటెండెన్స్ ఏ రిజిస్టరులో వేయాలో ఇంకా తేలలేదు.